స్క్రీన్‌షాట్‌లో మూడు వరుసలు

(పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల కోసం విజయవాడలో ఒక టికెట్ ఏజెంట్ చేసిన ప్రసంగం. మాటలను స్వల్పంగా సరిచేసి ఇస్తున్నాం.)

వెనక కూర్చున్నవాళ్లకు తెర కనిపిస్తోందా అండీ? ఈ పక్క లైటు తీసేస్తే ఇంకా బాగుంటుంది. సరే, చూడండి. ఇలాంటి బొమ్మ మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. అబ్బాయో అమ్మాయో అక్కడి నుంచి స్క్రీన్‌షాట్ పంపి "నాన్నా, ఇందులో ఏది బుక్ చేయమంటారు?" అని అడుగుతారు. మీరు ధర చూస్తారు, మొత్తం ఎన్ని గంటలో చూస్తారు, "నీకేది బాగుంటే అది చెయ్" అని జవాబిస్తారు. వాడికి ఆఫీసు టైం అయిపోతుంటుంది, పైన ఉన్నది నొక్కేస్తాడు. ఈ పూట మనం ఆ పైన ఉన్నదాని గురించి మాట్లాడుకుందాం.

ఈ వేళలు నేను ఉదాహరణ కోసం వేసుకున్నవి, ఏ కంపెనీవీ కావు. మే 12న హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి షికాగో, షికాగో నుంచి రాలీ.

```
1) HYD 05:10-DOH 07:05 | DOH 08:30-ORD 15:15 | ORD 16:55-RDU 19:55     24h 15m
2) HYD 03:40-DOH 05:35 | DOH 08:30-ORD 15:15 | ORD 18:50-RDU 21:50     27h 40m
3) HYD 03:40-DOH 05:35 | DOH 08:30-ORD 15:15 | ORD 21:40-RDU 00:40+1   30h 30m
```

మొదటిది అన్నిటికంటే త్వరగా చేరుస్తుంది కాబట్టి యాప్ దాన్ని పైన పెట్టింది. మూడోది కొంచెం చవక అనుకుందాం. మూడిట్లోనూ దోహా నుంచి షికాగో వెళ్లే విమానం ఒక్కటే, గమనించారా? తేడా అంతా దానికి ముందూ వెనకా ఉంది.

ముందు వేళలు చదవడం. ఇక్కడే సగం గందరగోళం. మొన్న ఒకాయన కాగితం, పెన్నూ పెట్టుకుని దోహా టైంకి రెండున్నర గంటలు కలిపి, షికాగో టైంకి పదిన్నర గంటలు కలిపి, ఇండియా టైంలోకి మార్చి, అప్పుడు లేఓవర్, అంటే విమానం మారేచోట మధ్యలో దొరికే సమయం, లెక్క కట్టారు. అంత కష్టం అక్కర్లేదండి. ఏ ఊళ్లో దిగుతామో, ఎక్కుతామో అక్కడి గడియారం ప్రకారమే టికెట్ మీద వేళ వేస్తారు. దోహాలో దిగేదీ దోహా టైమే, అక్కడ ఎక్కేదీ దోహా టైమే. రెండూ ఒకే గడియారం కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అయిపోయింది. ఇండియా టైంతో పనే లేదు. మొత్తం ప్రయాణం ఎన్ని గంటలో తెలియాలంటేనే ఆ మార్పిడి కావాలి, ఆ లెక్క యాప్ ఎలాగూ కట్టి కుడి పక్కన ఇచ్చింది.

తీసేసేటప్పుడు మాత్రం ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరవకండి. 8.30లోంచి 5.35 తీసేస్తే అది 2.95 అంటుంది. దానికి గంటకి వంద నిమిషాలు మరి! 5:35కి మూడు గంటలు కలిపితే 8:35, అందులో ఐదు నిమిషాలు తగ్గిస్తే రెండు గంటల యాభై ఐదు నిమిషాలు. ఇలా ముందుకు లెక్కపెట్టుకుంటూ వెళ్తే తప్పు పోదు. మొదటి వరుసలో 7:05 నుంచి 8:30కి గంటా ఇరవై ఐదు. షికాగోలో మొదటిదానికి గంటా నలభై, రెండోదానికి మూడు గంటల ముప్పై ఐదు, మూడోదానికి ఆరు గంటల ఇరవై ఐదు నిమిషాలు.

ఇక తేదీ. మే 12, 03:40. మీరు ఇంట్లోంచి ఏ రోజు బయల్దేరాలి? (సభలో ఒకరు: పన్నెండో తారీకు రాత్రి.) అదిగో! పన్నెండో తారీకు రాత్రి మీరు శంషాబాద్ వెళ్లేసరికి ఆ విమానం దోహా చేరి చాలాసేపై ఉంటుంది. 03:40 అంటే తెల్లవారుజాము. పదకొండో తారీకు మధ్యాహ్నమో సాయంత్రమో విజయవాడ వదలాలి. మనకి సూర్యుడు వచ్చేదాకా కొత్త రోజు మొదలైనట్టు ఉండదు, విమానాలకి మాత్రం పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది. గల్ఫ్ వైపు వెళ్లే విమానాలు చాలావరకు ఈ వేళల్లోనే ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు మన ఊళ్లలో తరచూ జరుగుతుంది. మూడో వరుస చివర `+1` ఉంది చూడండి. బయల్దేరిన తేదీకి మర్నాడు అని దాని అర్థం, అంటే 13వ తారీకు 00:40. మీ అబ్బాయి ఎయిర్‌పోర్టుకి 12వ తారీకు రాత్రే కారు తీయాలి. స్క్రీన్‌షాట్ కత్తిరించి పంపినప్పుడు ఆ చిన్న `+1`, పైన ఉండే తేదీ, ఈ రెండే ముందు ఎగిరిపోతాయి. "కత్తిరించకుండా మొత్తం పంపురా" అని అడగండి.

ఇప్పుడు అసలు విషయం. గంటా ఇరవై ఐదు నిమిషాలు సరిపోతుందా? అందరూ ఇదే అడుగుతారు. దీనికి రెండు మెట్లలో జవాబు చెప్పాలి.

మొదటి మెట్టు. తెర మీద గంటా ఇరవై ఐదు కనపడినా, మీ చేతిలోకి అంత రాదు. రెండు చివర్లా కోత పడుతుంది. 07:05 అంటే విమానం వచ్చి ఆగే వేళ. తలుపు తీసి, ముందు వరుసలవాళ్లు పైనుంచి సంచులు దించుకుని, వెనక వరుసలో ఉన్న మీరు బయట పడేసరికి ఇరవై నిమిషాలు వేసుకోండి. అటు చివర 08:30 అంటే విమానం కదిలే వేళ, మీరు ఎక్కే వేళ కాదు. చాలా కంపెనీలు ఇరవై నిమిషాల ముందే గేటు మూసేస్తాయి, కచ్చితమైన వేళ బోర్డింగ్ పాస్ మీద ఉంటుంది. 7:25 నుంచి 8:10 దాకా, అంటే నలభై ఐదు నిమిషాలు. ఈ నలభై ఐదులోనే దోహాలో మళ్లీ సెక్యూరిటీ తనిఖీ, గేటు దాకా నడక, అమెరికా విమానాలకి ఉండే అదనపు పత్రాల తనిఖీ, మధ్యలో బాత్‌రూమ్. అన్నీ సవ్యంగా జరిగితే సరిపోతుంది. హైదరాబాద్‌లో విమానం అరగంట ఆలస్యంగా లేచిందా, మిగిలేది పావుగంట.

వీల్‌చైర్ అడిగారా? అయితే ఇంకో కోత. వీల్‌చైర్‌వాళ్లని ఎక్కించడం ముందు ఎక్కిస్తారు గానీ, దించడం అందరికంటే చివర దించుతారు. ఇరవై నిమిషాలన్నది నలభై అవ్వచ్చు. నడవగలిగినా దారి తెలియదని వీల్‌చైర్ పెట్టించుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. దారి తప్పకుండా తీసుకెళ్తారు, నిజమే. కానీ లేఓవర్ తక్కువున్న టికెట్‌కి వీల్‌చైర్ పెడితే ఆ సౌకర్యమే మీకు టెన్షన్ తెస్తుంది.

అదే కోత షికాగోలో వేయండి. మొదటి వరుసలో గంటా నలభై, అంటే వంద నిమిషాలు. దిగడానికి ఇరవై. అక్కడి దేశీయ విమానాలకి పదిహేను నిమిషాల ముందు తలుపు వేస్తారు. మిగిలింది అరవై ఐదు. ఈ అరవై ఐదులో ఏమేం ఉన్నాయో వినండి. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగుతామో అక్కడే ఇమ్మిగ్రేషన్. అది అయ్యాక పెట్టెలు బెల్టు మీదనుంచి మీరే తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, దాటాక అక్కడే ఉండే కౌంటర్‌లో పెట్టెలు మళ్లీ అప్పగించాలి. హైదరాబాద్‌లో పెట్టెకి కట్టిన ట్యాగ్ మీద `RDU` అనే ఉంటుంది. అది చూసి "మనవి నేరుగా రాలీ వెళ్లిపోతాయి" అనుకుని బెల్టు దగ్గర ఆగకుండా వెళ్లిపోయేవాళ్లున్నారు. పెట్టెలు షికాగోలోనే ఉండిపోతాయి, మీరు మాత్రం రాలీ చేరతారు. తర్వాత, షికాగోలో విదేశీ విమానాలు ఎక్కువగా ఐదో టెర్మినల్‌కి వస్తాయి. దేశీయ విమానాలు చాలావరకు మిగతా మూడు టెర్మినళ్ల నుంచి వెళ్తాయి. మధ్యలో చిన్న రైలుంది, అది దిగాక మళ్లీ సెక్యూరిటీ లైను. ఇమ్మిగ్రేషన్ లైను ఒక్కటే కొన్ని మధ్యాహ్నాలు గంట దాటుతుంది. కాబట్టి మొదటి వరుసలో 16:55 విమానం దొరుకుతుందని నేనైతే నమ్మను.

ఇంతవరకూ చాలామంది చెప్తారు. "దోహాలో గంటన్నర కష్టం, షికాగోలో గంటా నలభై ఇంకా కష్టం, కాబట్టి ఎక్కువ సమయమున్నది తీసుకోండి" అంటారు. అలా అయితే అన్నిట్లోకీ భద్రమైంది మూడో వరుస కావాలి, షికాగోలో ఆరు గంటల ఇరవై ఐదు నిమిషాలుంది కదా. నా మాట వేరు. ఇదే రెండో మెట్టు.

"ఇది అందుతుందా" అని అడిగాక, వెంటనే "అందకపోతే తర్వాతిది ఎప్పుడు" అని అడగాలి. మొదటి వరుసనే మళ్లీ చూడండి. షికాగోలో 16:55 తప్పిపోతే? 18:50 ఉంది. అదీ తప్పితే 21:40 ఉంది. అవి ఉన్నాయని నాకెలా తెలుసు? ఇదే స్క్రీన్‌షాట్‌లో రెండో వరుస, మూడో వరుస! యాప్ వాటిని వేరే టికెట్లుగా చూపిస్తోంది గానీ, మీకు అవి వెనక వచ్చే బండ్లు. షికాగోలో తప్పితే పోయేది రెండు మూడు గంటలు. మరి దోహాలో 08:30 తప్పితే? మూడు వరుసల్లోనూ షికాగోకి ఉన్నది అదొక్కటే. ఆ మార్గంలో రోజుకి ఒకటే విమానమైతే తర్వాతిది మర్నాడు ఉదయం 08:30కి. పోయేది ఇరవై నాలుగు గంటలు.

అంటే షికాగోలో విమానం తప్పే అవకాశం ఎక్కువ, తప్పితే నష్టం తక్కువ. దోహాలో తప్పే అవకాశం కొంచెం తక్కువే, కానీ తప్పితే ఒక రోజు పోతుంది. మొదటి వరుసని నేను కొట్టేసేది షికాగో కోసం కాదు, దోహా కోసం. లేఓవర్ ఎక్కువ ఎక్కడ ఉండాలంటే, ఏ బండి వెనక ఇంకో బండి లేదో దాని ముందు ఉండాలి.

ఇప్పుడు రెండుకీ మూడుకీ పోలిక. దోహాలో రెండూ ఒకటే, కోతలు పోగా రెండుంబావు గంటలు మిగుల్తాయి, హాయిగా ఉంటుంది. షికాగోలో రెండోదానికి కోతలు పోగా మూడు గంటలు. మూడోదానికి ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. పైకి మూడోదే భద్రం. కానీ 21:40 ఆ రాత్రికి చివరి విమానం. మే, జూన్ నెలల్లో షికాగోలో మధ్యాహ్నం, సాయంత్రం ఉరుములతో వానలు పడతాయి, విమానాలు ఆగిపోతాయి, రద్దు కూడా అవుతాయి. చివరిది రద్దయితే రాత్రంతా అక్కడే. వాతావరణం వల్ల రద్దయితే అమెరికాలో కంపెనీలు సాధారణంగా హోటల్ ఖర్చు పెట్టుకోవు. అదే మీరు 18:50 టికెట్ తీసుకుని ఉంటే, అది తప్పినా రద్దయినా 21:40 మీ వెనక ఉంది. రెండో వరుస కొన్నవాళ్లకి మూడో వరుస తోడుగా వస్తుంది, మూడో వరుస కొన్నవాళ్లకి ఏదీ తోడు రాదు. పైగా పెద్దవాళ్లు పదిహేను గంటలు ప్రయాణం చేసి, ఆరు గంటలు కుర్చీలో కూర్చోవడం, అర్ధరాత్రి దాటాక రాలీలో దిగడం. నేనైతే రెండో వరుసే అంటాను, కొంచెం ధర ఎక్కువైనా.

(ప్రశ్న: అయితే 03:40కి బయల్దేరి, షికాగోలో 16:55 పెట్టించుకోవచ్చు కదండీ? అందితే త్వరగా చేరతాం, అందకపోతే 18:50 ఉంది అన్నారు.)

మంచి ప్రశ్న. ఆ జత స్క్రీన్‌షాట్‌లో లేదు గానీ యాప్‌లో వెతికితే ఉండచ్చు. ఒంటరిగా వెళ్లే పాతికేళ్ల కుర్రాడైతే సరే అంటాను. మీకు మాత్రం వద్దంటాను. ఎందుకంటే 18:50 విమానం ఉన్నంత మాత్రాన అందులో సీటు ఉన్నట్టు కాదు. మీ పేరుతో ఉన్న సీటుకీ, ఖాళీ ఉంటే ఇచ్చే సీటుకీ తేడా ఉంది. మే నెలలో మన తల్లిదండ్రులందరూ వెళ్లే సీజన్ కూడా. పైగా టికెట్ మార్పించుకోవాలంటే కౌంటర్ దగ్గర నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలి, అప్పటికి మీ ఫోన్‌లో అమెరికా సిమ్ ఉండకపోవచ్చు. ఆ మాట్లాడే పని ముందే తప్పించుకోవడం మేలు.

ఈ లెక్కంతా ఒక షరతు మీద నిలబడింది. హైదరాబాద్ నుంచి రాలీ దాకా ఒకే బుకింగ్ అయి ఉండాలి, అంటే ఒకే పీఎన్ఆర్. ఒకే టికెట్‌లో మధ్య విమానం ఆలస్యమై తర్వాతిది తప్పితే, అదనపు డబ్బు తీసుకోకుండా వేరేదానిలో ఎక్కించే బాధ్యత కంపెనీది. పైగా ఒక్కో ఎయిర్‌పోర్టులో విమానం మారడానికి కనీసం ఇంత సమయం కావాలని ఒక లెక్క ఉంటుంది, దానికంటే తక్కువైతే ఒకే టికెట్‌గా అమ్మరు. ఆ కనీసం అన్నది అన్నీ సవ్యంగా ఉన్నప్పటి కనీసం, అది మీకు చాలుతుందని హామీ ఏమీ కాదు. అదే రెండు వేర్వేరు టికెట్లు కలిపి చూపిస్తే, రెండో కంపెనీకి మీరు ఎందుకు ఆలస్యమయ్యారో సంబంధం లేదు. రాకపోతే రాలేదని రాసుకుంటుంది, టికెట్ పోయినట్టే. స్క్రీన్‌షాట్‌లో `Self transfer` అని చిన్న అక్షరాలు ఉంటే అది ఈ రకమే. చవకగా కనపడేవాటిలో ఈ మాట ఉందేమో తప్పకుండా చూడండి. ఉంటే, ఎంత చవకైనా పెద్దవాళ్లకి వద్దు.

దోహా బదులు అబూదాబి మీదుగా వెళ్లేవాళ్లకి చిన్న మాట. అబూదాబిలో 2014 నుంచి అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే చేస్తున్నారు. అలా వచ్చినవాళ్లు షికాగోలో దేశీయ ప్రయాణికుల్లా దిగుతారు. కాబట్టి లెక్క తిరగబడుతుంది: అబూదాబిలో ఎక్కువ సమయం కావాలి, షికాగోలో తక్కువైనా పరవాలేదు. ఒకే మొత్తం గంటలున్న రెండు వరుసల్లో ఖాళీ ఎక్కడ పడిందన్నది అందుకే చూడమంటాను.

ఇంక మన ఇంటి దగ్గర కొసకి వద్దాం. హైదరాబాద్ విమానం 03:40. విజయవాడ నుంచి ఎలా వెళ్లాలి? ఇది కచ్చితంగా వేరే టికెట్. ఇక్కడ తప్పితే వెనకేసుకొచ్చేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి ఇక్కడి ఖాళీయే అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి.

గన్నవరం నుంచి సాయంత్రం విమానం ఎక్కితే గంటలో శంషాబాద్. అక్కడ దేశీయం, విదేశీయం ఒకే టెర్మినల్, కాబట్టి మారడం సులువు. కానీ పెట్టెలు? అమెరికా టికెట్‌కి సాధారణంగా మనిషికి ఇరవై మూడు కిలోలవి రెండు పెట్టెలు. విడిగా కొన్న దేశీయ టికెట్‌కి మామూలుగా పదిహేను కిలోలే. మీ ఇద్దరివి కలిపి తొంభై రెండు కిలోలు, వాళ్లు ఇచ్చేది ముప్పై. మిగతా అరవై రెండు కిలోలకి కిలో లెక్కన కట్టాలి. ఆవకాయకి టికెట్ కొన్నట్టు అవుతుంది. అందుకే చాలామందికి బస్సే, లేకపోతే కారు.

ఇదిగో రెండో బొమ్మ, బస్సులది. ఇవీ ఉదాహరణకే.

```
15:00 – 21:30   KAKINADA – HYDERABAD
17:30 – 00:00   VIJAYAWADA – HYDERABAD
19:00 – 01:30   VIJAYAWADA – HYDERABAD
```

బస్సు వేళలు చదవడంలో రెండు మెలికలున్నాయి. మొదటిది, కుడి పక్కనున్న వేళ ఏ స్టాపుది? మన బస్సులు హైదరాబాద్‌లో ఎల్బీనగర్‌లో మొదలుపెట్టి మియాపూర్ దాకా దించుకుంటూ పోతాయి. తెర మీద కనపడేది చివరి స్టాపు వేళ. ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లు మియాపూర్ వెళ్లక్కర్లేదు, ఎల్బీనగర్‌లోనే దిగాలి. ఆ వేళ స్టాపుల జాబితా నొక్కితే కనపడుతుంది. ఇక్కడ అది గంటంబావు ముందు అనుకుందాం: 20:15, 22:45, 00:15. స్టాపుల వేళలతో ఇంకో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెండో మెలిక ఇంకా ముఖ్యం. 15:00 బస్సు విజయవాడది కాదు, కాకినాడ నుంచి వస్తోంది. మీ ఊళ్లోంచి బయల్దేరే బస్సు వేళకి కదులుతుంది, దూరం నుంచి వచ్చే బస్సు తన ఆలస్యాన్ని వెంట తెస్తుంది. 15:00 అని రాసున్నా 15:45కి రావచ్చు. ముందున్నదే భద్రమని కళ్లు మూసుకుని అనుకోవద్దు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెడదాం. 03:40 విమానం. కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, అంటే 02:40. అదే అసలు గడువు. 03:40 అన్న అంకె మర్చిపోండి. ఎల్బీనగర్‌లో దిగి, నాలుగు పెట్టెలు పట్టే క్యాబ్ దొరికి, శంషాబాద్ చేరడానికి గంట వేసుకోండి. 19:00 బస్సైతే 01:15కి చేరతారు. గడువుకి గంటా ఇరవై ఐదు మిగిలింది. కాగితం మీద సరిపోయింది. కానీ దారిలో టైరు పోతే? దాని వెనక మిమ్మల్ని కాపాడే బస్సు లేదు. 17:30 బస్సైతే 23:45కి చేరతారు, దాదాపు మూడు గంటలు మిగిలింది. విజయవాడలోనే అది రద్దయినా 19:00 బస్సు ఉంది. కాబట్టి 17:30. షికాగోలో 18:50 ఎందుకన్నామో ఇక్కడ 17:30 అందుకే. సంక్రాంతి, దసరా రోజులకి ఈ లెక్క పనికిరాదు. ఆ రోజుల్లో పంతంగి టోల్‌గేటు దగ్గరే గంటలు పోతాయి. అప్పుడు పొద్దున్నే బయల్దేరండి, లేదా ముందురోజే వెళ్లి చుట్టాలింట్లో ఉండండి.

(ప్రశ్న: మా అమ్మాయి ఫిబ్రవరిలో పంపిన స్క్రీన్‌షాట్ దాచుకున్నామండి, జూన్‌లో ప్రయాణం. అది పనికొస్తుందా?)

దాని మీద ఉన్నది జూన్ తేదీయా, ఫిబ్రవరి తేదీయా? ఫిబ్రవరి తేదీ అయితే పనికిరాదు. విమానాల వేళలు ఏడాదికి రెండుసార్లు మారతాయి, మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబరు చివరి ఆదివారం ఒకసారి. దానికితోడు అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. ఇండియాలోనూ ఖతార్‌లోనూ జరపరు. కాబట్టి చలికాలం బొమ్మతో ఎండాకాలం లేఓవర్ లెక్క కట్టకూడదు. జూన్ తేదీకే వెతికి తీసినా, టికెట్ కొన్నాక కంపెనీ వేళలు జరిపితే ఈమెయిల్ పంపుతుంది. ఆ మెయిల్ అమ్మాయికి వెళ్తుంది, మీకు రాదు. వారం ముందు ఒకసారి కొత్త స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. మూడు గంటల లేఓవర్ గంటన్నర అయిపోయిందని అప్పుడే తెలుస్తుంది. కంపెనీయే వేళ మార్చినప్పుడు సాధారణంగా వేరే విమానానికి ఉచితంగా మారుస్తారు, అడగాలి అంతే.

(ప్రశ్న: తిరిగొచ్చేటప్పుడో?)

అదే లెక్క, అటునుంచి. ఢిల్లీ మీదుగా వస్తే మన దేశంలో మొదట దిగేది ఢిల్లీ కాబట్టి ఇమ్మిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ అప్పగించడం అక్కడే. గన్నవరం విమానం ఏ టెర్మినల్ నుంచో స్క్రీన్‌షాట్‌లో చూడండి. విదేశీ విమానం మూడో టెర్మినల్‌కి వస్తుంది, మీది ఒకటో టెర్మినల్ నుంచి అయితే రోడ్డు మీద బస్సులోనో క్యాబ్‌లోనో వెళ్లాలి, రెండూ పక్కపక్కన లేవు. మూడు గంటలకి తక్కువ ఉంటే ఒప్పుకోకండి.

నేరుగా హైదరాబాద్‌లో దిగేవాళ్లయితే విజయవాడ బస్సు ముందే బుక్ చేసుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఆ టికెట్ పోతుంది. ఎల్బీనగర్ నుంచి విజయవాడకి పగలూ రాత్రీ బస్సులు వస్తూనే ఉంటాయి. ఒకటి పోతే అరగంటలో ఇంకోటి వచ్చే చోట లేఓవర్ లెక్క కట్టే పనే లేదు. పండగ రోజులు కాకపోతే, పెట్టెలు బెల్టు మీదనుంచి తీసుకున్నాక ఫోన్ తెరిచి అప్పుడు సీటు చూసుకోండి.